‘ఇల్లుంటే చూడన్నా’ అంటే ఇల్లు దొరకదు!

పోస్టింగ్ ఆర్డరు వచ్చింది. జనగామో, మహబూబాబాదో, భూపాలపల్లో రాసి ఉంది. ఆ ఊళ్లో తెలిసినవాళ్లు ఒక్కరే. వెంటనే ఫోన్ తీసి ‘అన్నా, కిరాయికి ఇల్లుంటే చూడన్నా’ అని మెసేజ్ పెడతారు. ‘సరే తమ్మీ, చూస్త’ అని జవాబు వస్తుంది. వారమైనా కబురు ఉండదు. జాయినింగ్ తేదీ దగ్గర పడుతుంది. తప్పు ఆ అన్నది కాదు, ఆ ఒక్క వాక్యానిది. ఇల్లు అడిగేముందు ఏం తేల్చుకోవాలో, ఎలా అడగాలో చూద్దాం.

అడగనివి ఆయన ఊహించుకుంటాడు

మీ మెసేజ్‌లో కిరాయి ఎంతలోపో లేదు. ఏ వైపు కావాలో లేదు. ఎంతమంది ఉంటారో, ఎన్నాళ్లు ఉంటారో, ఇంట్లో ఏది తప్పనిసరో ఏదీ లేదు. చూసేవాడు ఊరుకోడు కదా, ఆ ఖాళీలను తనకు తోచినట్టు నింపుకుంటాడు. తన వాడకట్టులో, తన కుటుంబానికి సరిపోయే డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్ చూస్తాడు. మీరు ‘కిరాయి ఎక్కువైందన్నా’ అంటారు. రెండోసారి చవకది చూస్తాడు. ‘ఆఫీసుకు దూరం’ అంటారు. మూడోసారి దగ్గరలో చూస్తే ఓనరు ‘బ్యాచిలర్లకు ఇయ్యం’ అంటాడు. ఇక నాలుగోసారి ఆయన వెతకడు. మీ కోసం పోగొట్టుకున్న మాట, తిరిగిన టైమ్ ఆయనకు గుర్తుంటాయి.

ఆ ఇళ్లేవీ పనికిరానివి కావు. మీ అవసరం ముందే తెలిస్తే మొదటి రెండింటి దగ్గరికి ఆయన వెళ్లేవాడే కాదు.

ఒకే మాట, మూడు ఊళ్లు

ఈ మూడూ 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడిపోయి జిల్లా కేంద్రాలైన ఊళ్లే. జనగామలో 2022 ఫిబ్రవరిలో, మహబూబాబాద్‌లో 2023 జనవరిలో కొత్త కలెక్టరేట్లు తెరుచుకున్నాయి. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. బయటి నుంచి వచ్చే ఉద్యోగులు, విద్యార్థులు పెరిగారు. కానీ ‘ఇల్లు కావాలె’ అన్న మాటకు మూడు చోట్లా ఒకే అర్థం రాదు.

జనగామలో మొదట తేల్చుకోవాల్సింది అసలు ఇల్లు కావాలా అన్నదే. సికింద్రాబాద్-కాజీపేట రైలు మార్గంలో, హైదరాబాద్-వరంగల్ జాతీయ రహదారిపై ఉన్న ఊరు ఇది. సికింద్రాబాద్ దాదాపు 85 కిలోమీటర్లు, కాజీపేట 50లోపే. మంత్లీ సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు, అయితే దాంతో రిజర్వేషన్ బోగీలు ఎక్కడానికి వీల్లేదు. మీ ఇల్లు కాజీపేటలో ఉండి, డ్యూటీ పది గంటలకైతే రైళ్ల టైములు చూసుకుని రోజూ వచ్చిపోవచ్చేమో లెక్క వేయండి. డ్యూటీ హాస్పిటల్లో, రాత్రుళ్లు కూడా అయితే ఆ లెక్క కుదరదు. అప్పుడు ‘వారానికి అయిదు రాత్రులు ఉండటానికి గది’ అని అడగండి. అది ఫ్యామిలీ ఇల్లు అడగటం కంటే వేరే ప్రశ్న, దానికి దొరికే జవాబూ వేరు.

మహబూబాబాద్ కూడా రైలు ఊరే, కాజీపేట-విజయవాడ మార్గంలో ఉంది. ఇక్కడ పట్టాలకు ఏ వైపు కావాలో చెప్పకపోతే సగం ఊరు అనవసరంగా తిరగాల్సి వస్తుంది. ‘స్టేషన్ దగ్గర’ అని ఊరుకోవద్దు. మీ ఆఫీసు పేరు, రోజూ వెళ్లే టైమ్ చెప్పండి. బండి ఉందో లేదో కూడా చెప్పండి. బండి లేనివాళ్లకు షేర్ ఆటో దొరికే రోడ్డే లొకాలిటీ.

భూపాలపల్లికి రైలు లేదు. ఇక్కడి కొలువులు ఎక్కువగా సింగరేణి గనుల చుట్టూ, చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం చుట్టూ తిరుగుతాయి. వీటిలో కొలువైతే ముందు కంపెనీ క్వార్టర్ ఎప్పటికి రావచ్చో అడిగి తెలుసుకోండి. మూడు నెలల్లో వచ్చేటట్టుంటే మీకు కావాల్సింది మూడు నెలల గది, ఏడాది ఇల్లు కాదు. షిఫ్టు డ్యూటీ ఉంటే ఆ మాట మొదటే చెప్పండి. రాత్రి పదింటికి గేటుకు తాళం వేసే ఓనరు ఇంట్లో రెండో షిఫ్టు దిగి వచ్చేవాడికి, రోజూ ఒకరిని నిద్రలేపడం తప్పదు. అది నెల తిరక్కుండానే గొడవవుతుంది. ఓపెన్‌కాస్ట్ వైపు ఇల్లయితే బ్లాస్టింగ్ అదురు ఏపాటిదో పక్కింటివాళ్లను అడగండి, గోడల్లో పగుళ్లు మీరే చూసుకోండి.

కిరాయి ఒక్కటే బడ్జెట్ కాదు

ఒక లెక్క వేద్దాం. మహబూబాబాద్‌లో జూనియర్ అసిస్టెంట్‌గా చేరారనుకుందాం. రెండు గదులు చూశారు. మొదటిది ఊరి బయట పల్లెలో, కిరాయి 5,000, ఆఫీసు 9 కిలోమీటర్లు. రెండోది టౌన్‌లో, కిరాయి 6,500, ఆఫీసు కిలోమీటరు. చూడగానే మొదటిది 1,500 చవక.

ఇప్పుడు బండి లెక్క కలపండి. రోజుకు రానూపోనూ 18 కిలోమీటర్లు, నెలకు 25 రోజులకు 450. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి 10 లీటర్లు కావాలి. లీటరు సుమారు 107 చొప్పున 1,070 రూపాయలు. అంటే మొదటి గది అసలు ఖరీదు 6,070. రెండోదానికి పెట్రోలు 120 దాకా అవుతుంది, మొత్తం 6,620. తేడా 1,500 కాదు, 550. పోయేందుకు 20 నిమిషాలు, వచ్చేందుకు 20 నిమిషాలు ఎక్కువ పడితే నెలకు 1,000 నిమిషాలు, దాదాపు 17 గంటలు దారిలోనే పోతాయి. సాయంత్రాలు మరో పరీక్షకు చదువుకునేవాళ్లకు ఆ 17 గంటలు 550 కంటే విలువైనవి కావచ్చు. ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్లకు 550 ముఖ్యం కావచ్చు. తేల్చుకోవాల్సింది మీరే. కానీ తేల్చుకున్నాకే అడగండి.

బడ్జెట్ చెప్పేటప్పుడు రెండు అంకెలు చెప్పండి. నెలకు కరెంటు, నీళ్లతో కలిపి ఎంతలోపు అన్నది ఒకటి, ఇప్పుడు చేతిలో అడ్వాన్సుకు ఎంత ఉందన్నది రెండోది. కొత్త ఉద్యోగికి మొదటి జీతం ఆలస్యంగా పడటం మామూలే. కిరాయి కుదిరినా అడ్వాన్సు దగ్గర బేరం ఆగిపోయేది అందుకే.

‘ఇద్దరం’ అంటే ఎవరెవరు?

ఓనర్లు మొదట అడిగేది ఇదే. ‘ఇద్దరం’ అంటే భార్యాభర్తలా, ఇద్దరు ఫ్రెండ్సా, అమ్మతో కలిసి మీరా? మూడింటికీ మూడు రకాల జవాబులు వస్తాయి. ఇప్పుడు ఒక్కరే వచ్చి, రెండు నెలల తర్వాత అమ్మానాన్నలను తెచ్చుకునేటట్టుంటే ఆ మాట ముందే చెప్పండి. ‘అమ్మానాన్న వస్తరు’ అన్న ఒక్క మాటతో బ్యాచిలర్లకు ఇవ్వని ఓనరు కూడా ఒప్పుకునే అవకాశం ఉంది. దాచిపెట్టి తర్వాత మనుషులను పెంచితే నీళ్ల మోటారు దగ్గర మొదలైన పేచీ కిరాయి పెంచేదాకా పోతుంది. మాంసం వండొద్దనేవాళ్లు, కులం అడిగేవాళ్లు కూడా తగులుతారు. ఓనరు షరతులేమిటో ఇల్లు చూడటానికి వెళ్లేముందే మధ్యవర్తితో అడిగించండి. అడ్వాన్సు ఇచ్చాక తెలిస్తే నష్టం మీకే.

ఎన్నాళ్లు అన్నది కాగితం మీదికి వస్తుంది

కిరాయి అగ్రిమెంట్లు 11 నెలలకు రాయించుకోవడం మీరు వినే ఉంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ ఖర్చు, శ్రమ లేకుండా ఉండటానికే 11 నెలలు రాసుకుంటారు, అయితే ఇక్కడ అమల్లో ఉన్న రాష్ట్ర సవరణ ప్రకారం ఏడాదిలోపు లీజుకూ రిజిస్ట్రేషన్ కావాలి. నోట్లో మాటగా నెలనెలా కిరాయికి ఉంటే ఆస్తి బదిలీ చట్టం కింద ఎవరు వద్దనుకున్నా 15 రోజుల నోటీసు ఇవ్వాలి.

మీరు ఇంకో పరీక్ష ఫలితం కోసం చూస్తున్నారా? అయిదో నెలలో వెళ్లిపోవచ్చా? అయితే అగ్రిమెంటులో చూడాల్సింది 11 నెలలన్న అంకె కాదు, మధ్యలో ఖాళీ చేయొచ్చా అన్న వాక్యం. ‘నెల ముందు చెప్పి ఖాళీ చేయవచ్చు, అడ్వాన్సు తాళం ఇచ్చిన రోజే తిరిగి ఇవ్వాలి’ అని రాయించుకోండి. రంగులకని ఎంత పట్టుకుంటారో కూడా అందులోనే ఉండాలి. అది రాయనప్పుడే చివరి రోజు అడ్వాన్సులో కోత పడుతుంది.

తప్పనిసరివి మూడే

చిన్న ఊళ్లో ఖాళీ ఇళ్లు తక్కువ. పది షరతులు పెడితే ఒక్క ఇల్లూ మిగలదు. ‘ఇది లేకపోతే నేను ఆ ఇంట్లో నెల ఉండలేను’ అన్నవి మూడే ఎంచుకోండి. మిగతావి ‘ఉంటే మంచిది’ అనండి. బాల్కనీ లేకపోయినా బతుకుతాం, ఏప్రిల్‌లో బోరు ఎండితే బతకలేం. కాబట్టి ఎండాకాలం నీళ్లు ఎట్లుంటాయో ఓనరును కాదు, పక్క పోర్షన్ వాళ్లను అడగండి. పై అంతస్తు రేకుల గది అయితే మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చూడండి, పొద్దున చూస్తే వేడి తెలియదు. కరెంటుకు మీ పోర్షన్‌కు వేరే మీటరు ఉందా, పాత బిల్లులో బకాయి ఉందా అన్నది బిల్లు చేతిలోకి తీసుకుని, దాని మీది నంబరు మీటరుతో సరిపోల్చి చూసుకోండి.

ఇప్పుడు మెసేజ్ ఇలా మారుతుంది

‘అన్నా, భూపాలపల్లిలో 10వ తారీఖు జాయినింగ్. షిఫ్టు డ్యూటీ, రాత్రి పదకొండు దాటి వస్త. బండి ఉంది, గనికి నాలుగైదు కిలోమీటర్ల లోపల చాలు. ఇప్పుడు ఒక్కణ్నే, రెండు నెలలకు అమ్మ వస్తది. కరెంటుతో కలిపి 6,000 లోపు, అడ్వాన్సు 10,000 దాకా ఇవ్వగల. క్వార్టర్ వస్తే ఆరు నెలల్లో ఖాళీ చేస్త. నీళ్లు, వేరే మీటరు, రాత్రి గేటు తాళంచెవి తప్పనిసరి. సింగిల్ బెడ్‌రూమ్ అయితే మంచిది, లేకున్నా సరే.’

చదవడానికి అర నిమిషం. ఆయన దీన్ని అలాగే ఇంకో నలుగురికి పంపగలడు, ఓనరు ముందు చదివి వినిపించగలడు. ఏదైనా ఇంకా తేలకపోతే ‘తేలలేదు’ అనే రాయండి. అమ్మ వచ్చేది తెలియకపోతే ఆ సంగతే చెప్పండి. అప్పుడాయన రెండింటికీ సరిపోయేది చూస్తాడు.

చివరగా, చూపించిన ఇల్లు నచ్చకపోతే ‘వద్దన్నా’ అని ఊరుకోవద్దు. ఎందుకు వద్దో ఒక్క మాటలో చెప్పండి. ‘నీళ్ల ట్యాంకు చిన్నగుంది’ అంటే తర్వాతి ఇంటికి మిమ్మల్ని తీసుకెళ్లే ముందే ఆయన ట్యాంకు చూసి వస్తాడు.