గ్రేడు వచ్చాకే డబ్బు

తెలుగు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటే విద్యార్థి ఫీజును ప్రభుత్వం భరించడం. అమెరికా కంపెనీల్లో ఉద్యోగులకిచ్చే ట్యూషన్ రీయింబర్స్‌మెంట్ తీరు వేరు. ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు మాస్టర్స్ చదివేవారు ముందు సొంత జేబులోంచి ఫీజు కట్టి, సెమిస్టర్ అయ్యాక గ్రేడు చూపించి రాబట్టుకోవాలి.

చాలా కంపెనీలు చేరిన ఆరు నెలలకో ఏడాదికో ఈ అవకాశమిస్తాయి. కోర్సు మొదలవకముందే అనుమతి తీసుకోవాలి. తర్వాత చూద్దాంలే అనుకున్నవారి క్లెయిము తిరిగొచ్చేస్తుంది. మాస్టర్స్‌లో సాధారణంగా ‘బి’ గ్రేడు అడుగుతారు. ‘బి మైనస్’ వస్తే? అది పాలసీలో ఆ ఒక్క వాక్యాన్ని ఎలా రాశారన్నదాన్ని బట్టే ఉంటుంది. కోర్సు మధ్యలో మానేస్తే మాత్రం ఫీజు ఉద్యోగి నెత్తినే.

అసలు చిక్కు ఉద్యోగం మారేటప్పుడు బయటపడుతుంది. డబ్బు అందిన 24 నెలల్లోపు మానేస్తే మిగిలిన నెలల మేరకు తిరిగి కట్టాలన్నది కంపెనీ షరతు అనుకుందాం. ఒక ఇంజనీరుకు 2025 జనవరిలో 3,600 డాలర్లు, జూన్‌లో మరో 3,600 డాలర్లు అందాయి. 2026 జనవరిలో అతను రాజీనామా చేశాడు. మొదటి మొత్తానికి 12 నెలలు గడిచాయి కాబట్టి సగం, అంటే 1,800 కట్టాలి. రెండోదానికి ఏడు నెలలే గడిచాయి, ఇంకా 17 మిగిలాయి కాబట్టి 2,550. మొత్తం 4,350 డాలర్లు. గడువును డిగ్రీ పూర్తయిన రోజు నుంచి కాక, డబ్బు అందిన ప్రతిసారీ విడిగా లెక్కిస్తారన్నమాట. కొత్త కంపెనీతో జాయినింగ్ బోనస్ మాట్లాడుకునేటప్పుడు దగ్గరుండాల్సిన అంకె ఇదే.

పన్ను సంగతీ ఉంది. ఫెడరల్ చట్టంలోని 127వ సెక్షన్ ప్రకారం 2025లో 5,250 డాలర్ల వరకే పన్ను లేదు. ఇతనికి ఆ ఏడాది 7,200 అందాయి కనుక పైనున్న 1,950ని మామూలుగా జీతంలో కలిపి పన్ను కోస్తారు. మొదటి చెల్లింపు నెల ముందు, డిసెంబరులో వచ్చి ఉంటే, ఆ ఏడాది ఇంకేమీ తీసుకోకపోతే, ఈ కోత పడేది కాదు. గ్రేడు రాగానే క్లెయిము పెట్టమని సీనియర్లు చెప్పేది ఊరికే కాదు.

మరి కంపెనీయే తీసేస్తే? కొన్ని పాలసీలు లేఆఫ్ అయినవారిని వదిలేస్తాయి, కొన్ని ఆ ఊసే ఎత్తవు. కాలిఫోర్నియాలో 2026 జనవరి 1 నుంచి కుదిరే ఒప్పందాలకు కొత్త చట్టం వర్తిస్తుంది. ఉద్యోగానికి తప్పనిసరి కాని, ఎక్కడైనా చెల్లే చదువుకు ఇచ్చిన ఫీజునే ఇలా తిరిగి అడగవచ్చు. అదీ విడి ఒప్పందం రాసుకుని, గడిచిన కాలానికి తగ్గించి. దుష్ప్రవర్తన కారణంగా తప్ప, కంపెనీ తీసేసిన ఉద్యోగి నుంచి వసూలు చేయడానికి వీల్లేదు.