శిఖరాన తీసిన చిత్రం కింద ఏమి రాయాలి?

1953 మే 29వ తేదీ ఉదయం 11.30 గంటలకు ఎవరెస్టు శిఖరాగ్రాన ఎడ్మండ్ హిల్లరీ తన కెమేరాను టెన్సింగ్ నార్గే వైపు తిప్పాడు. పైకెత్తిన మంచుగొడ్డలికి ఐక్యరాజ్యసమితి, బ్రిటన్, నేపాల్, భారతదేశాల పతాకాలు కట్టి ఉన్నాయి. ఆ ఛాయాచిత్రం లోకమంతటికీ పరిచితమైంది. ఆ తరువాత హిల్లరీ శిఖరం నుంచి దిగువకు సాగే కొండకొమ్ములను కూడా వరుసగా చిత్రించాడు. శిఖరాగ్రాన హిల్లరీ చిత్రం మాత్రం ఒక్కటి కూడా లేదు.

దిగి వచ్చిన ఆ ఇద్దరిని లోకం అడిగినది మంచు ఎలా ఉన్నదని కాదు, పైనుంచి ఏమి కనిపించిందని కాదు. “ముందు కాలు మోపినది ఎవరు?” అని అడిగింది. ఆ ప్రశ్న పెట్టిన చికాకు భరించలేక, తాము దాదాపు ఒకేసారి చేరామని ఇద్దరూ ఒక ప్రకటన మీద సంతకాలు చేయవలసి వచ్చింది. 1955లో వెలువడిన ఆత్మకథలో టెన్సింగ్, తాటికి ముందు కొసన ఉన్న హిల్లరీయే కొద్ది అడుగుల ముందు చేరాడని చెప్పి ఆ తగవును తేల్చివేశాడు. ఒకే తాటికి కట్టుకొని ఎక్కిన ఇద్దరిలో ఎవరు ముందు అన్న విచారణ ఎంత అర్థరహితమో ఆయనకు తెలియనిది కాదు.

టెన్సింగ్ నివసించిన డార్జిలింగుకు పడమర దిక్కున, నేపాల్ సరిహద్దు వెంబడి సింగలీలా అనే పొడవైన కొండవరుస ఉన్నది. దాని మీది సందక్‌ఫూ, 3,636 మీటర్ల ఎత్తున, పశ్చిమ బెంగాల్ రాష్ట్రంలో అత్యున్నత స్థలం. అక్కడికి నడిచి వెళ్లేవారు మానేభంజ్యాంగ్ అనే చిన్న ఊరి నుంచి బయలుదేరుతారు. జీపులు కూడా అదే ఊరి నుంచి, దాదాపు అదే దారిన పైకి పోతాయి. కావున సందక్‌ఫూ శిఖరాన చేతి ఫోనుతో తీసుకొన్న చిత్రం కింద తరచుగా ఇటువంటి వాక్యం కనిపిస్తుంది: “మూడు రోజుల దారిని రెండు రోజులలో నడిచాము. జీపులో వచ్చినవారికి ఈ ఆనందం ఎక్కడిది?”

ఈ రెండు వాక్యాలలో కొండ ఎక్కడా లేదు, ఉన్నది ఇతరులే. పైగా మొదటి వాక్యం ప్రమాదకరమైనది. ఎందుకో ఆ దారినే పట్టి చూద్దాము.

సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న మానేభంజ్యాంగ్ నుంచి మొదటి రోజు తుమ్లింగ్ చేరుతారు. అది సుమారు 2,900 మీటర్లు. రెండవ రోజు దారి గైరీబాస్ వద్దకు దాదాపు 300 మీటర్లు దిగిపోయి, మళ్లీ కాలపోఖ్రీ అనే నల్లని కొలను దాకా ఎక్కుతుంది. సంపాదించుకొన్న ఎత్తును పోగొట్టుకొని తిరిగి సంపాదించవలసిన ఈ రెండవ రోజే చాలామందికి విసుగు పుట్టిస్తుంది. కాలపోఖ్రీ ఎత్తు 3,100 మీటర్లకు కొంచెం పైన. మూడవ రోజు బిఖేభంజ్యాంగ్ దాటి, చివరి 4 కిలోమీటర్లు నిటారుగా ఎక్కితే సందక్‌ఫూ. (బిఖ్ అంటే మన వైద్యులు వసనాభి అని పిలిచే విషపు మొక్క. అది ఆ కనుమలో మొలుస్తుంది గనుకనే ఆ పేరు.)

మానవదేహం 2,500 మీటర్లు దాటిన తరువాత పలుచని గాలికి అలవాటు పడడానికి వ్యవధి కోరుతుంది. 3,000 మీటర్లకు పైన, ముందు రాత్రి పడుకొన్న చోటికన్న మరునాటి పడక 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదన్నది పర్వతవైద్యుల హెచ్చరిక. కాలపోఖ్రీలో ఒక రాత్రి గడిపినవాడు దాదాపు ఈ హద్దులోనే ఉంటాడు. తుమ్లింగ్ నుంచి ఒక్క దినంలో సందక్‌ఫూ చేరినవాడు 700 మీటర్లకు పైగా దూకినట్లు. అందరికీ హాని కలుగుతుందని కాదు. ఎవరికి కలుగుతుందో ముందుగా చెప్పడం సాధ్యం కాదు. రోజూ వ్యాయామం చేసే యువకుడు తలనొప్పితో కుప్పకూలవచ్చు. అతని వెనుక ఆయాసపడుతూ వచ్చిన మేనత్త హాయిగా భోజనం చేయవచ్చు. ఎత్తుకు అలవాటు పడే శక్తి కండబలాన్ని బట్టి ఉండదు. కనుకనే ఈ విషయంలో ఒకరి నడకను మరొకరి నడకతో పోల్చడం వట్టి మాట.

ఒక కార్యాలయం నుంచి ఐదుగురు మిత్రులు బయలుదేరారని అనుకొందాము. కాలపోఖ్రీలో ఒకనికి తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం మొదలైనాయి. అతడు ఆ సంగతి దాచక చెప్పాడు. మరునాడు పైకి రాకుండా ఆగిపోయాడు. చేయవలసినది అదే. ఆ లక్షణాలున్నప్పుడు ఇంకా పైకి ఎక్కరాదు. నడక తడబడినా, మాట తికమకపడినా, కూర్చున్నప్పుడు కూడా ఊపిరి ఆడకపోయినా రాత్రి అని చూడక వెంటనే కిందికి దింపాలి. ఇప్పుడు తక్కిన నలుగురు శిఖరాన చిత్రం తీసుకొని, “ఐదుగురిలో నలుగురమే గెలిచాము” అని రాశారు. అది నిమిషాలలో బంధుమిత్రులందరికీ చేరింది. మరొకసారి కొండెక్కేటప్పుడు ఆ ఐదవవాడు తన తలనొప్పిని ఎవరికైనా చెబుతాడా? చిత్రం కింది ఒక్క వాక్యం అతని నోరు మూయించగలదు. కొండల మీద నోరు మూసుకొన్న రోగియే అందరికన్న ఎక్కువ ఆపదలో ఉన్నవాడు.

ఇక జీపు మాట. వారు చూడడానికి వచ్చిన దృశ్యమూ అదే. వృద్ధులైన తల్లిదండ్రులను, మోకాళ్ల నొప్పులున్నవారిని అంత ఎత్తుకు చేర్చగలది ఆ వాహనమే. అయితే అది కొద్ది గంటలలోనే పైకి చేరుస్తుంది గనుక తలనొప్పి విషయంలో వారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇంతకూ అక్కడ కనిపించేది ఏమిటి? దాదాపు ఉత్తరాన, 70 కిలోమీటర్ల దూరంలో కాంచనజంగ. దాని ఇరుగుపొరుగు శిఖరాలతో కలిసి వెల్లకిలా పడుకొన్న మనిషి ఆకారం ఏర్పడుతుంది. స్థానికులు దానిని నిద్రించే బుద్ధుడు అంటారు. ఎడమవైపు ముఖం, నడుమ కాంచనజంగ దేహం, కుడివైపు పాండిమ్ పాదాలు. చిత్రమేమంటే, ఆ నిద్రితుని ముఖమైన శిఖరం పేరు కుంభకర్ణ! వాయవ్యదిశన ఎడమ నుంచి కుడికి లోత్సే, ఎవరెస్టు, మకాలు వరుసగా నిలుస్తాయి. ఇక్కడనే చాలామంది పొరబడతారు. మూడింటిలో పెద్దదిగా కనిపించేది మకాలు. దానినే ఎవరెస్టు అని రాసివేస్తారు. ఎవరెస్టు 8,849 మీటర్లు, మకాలు 8,485 మీటర్లు అయినా, మకాలు సుమారు 20 కిలోమీటర్లు దగ్గరగా ఉన్నది. కళ్లెదుట ఉన్న కొండలలో ఎత్తైనది వెనుక చిన్నదిగా నిలిచిన సంగతి తెలిసినవాడు తన చిత్రాన్ని మరొకసారి తీరికగా చూస్తాడు.

చిత్రవ్యాఖ్యలో చోటు ఇవ్వవలసినవి ఇటువంటి వివరాలు: స్థలం, సమయం, తన దేహం పడిన పాటు, కనిపించినది, కనిపించకుండా పోయినది. ఆ ఐదుగురిలో ఒకరు ఈ విధంగా రాసి ఉండవచ్చు:

“సందక్‌ఫూ, 3,636 మీటర్లు. నవంబరు 9, ఉదయం 5.50. మానేభంజ్యాంగ్ నుంచి మూడు రోజుల నడక. గైరీబాస్‌కు దిగి మళ్లీ ఎక్కిన మధ్యాహ్నం ఏడుపు వచ్చినంత పని అయింది. చివరి ఎక్కుడులో పదకొండుసార్లు కూర్చున్నాను. కాంచనజంగ మొదట దోరజామపండు లోపలి రంగు, తరువాత పసుపు, తరువాత వట్టి తెలుపు. నా ఎడమ భుజం పక్కన ఉన్న పెద్ద కొండ మకాలు. దాని ఎడమన చిన్నదిగా ఉన్నదే ఎవరెస్టు. 7 గంటలకు మబ్బు కమ్మింది. ఐదవవాడు కాలపోఖ్రీలో కొలను పక్కన టీ తాగుతున్నాడు. తలనొప్పి తగ్గిందట. మధ్యాహ్నానికి అతని దగ్గరకు దిగుతాము.”