గీతలు కాదు, అంకెలు చూడండి

ఫైబర్ కేబుల్ రాని ఊళ్లో సిమ్ వేసుకునే 4జీ రూటర్ బాగా అక్కరకొస్తుంది. ముందు సిమ్‌ను ఫోన్‌లో వేసి, పిన్ లాక్ ఉంటే తీసేయండి. ఆ తర్వాత రూటర్‌లో పెట్టి, దాని అడుగున అంటించిన వైఫై పేరు, పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అవ్వండి. సెట్టింగుల పేజీ చిరునామా కూడా అక్కడే ఉంటుంది. చాలావాటికి 192.168.1.1. నెట్ రాకపోతే ఆ పేజీలో ఏపీఎన్ సరిచూడండి. జియోకు `jionet`, ఎయిర్‌టెల్‌కు `airtelgprs.com`.

అసలు పని రూటర్‌ను ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడమే. సిగ్నల్ గీతలను నమ్మి చాలామంది పొరబడతారు. సెట్టింగుల పేజీలో రెండు అంకెలు వెతకండి. RSRP టవర్ సిగ్నల్ బలం చెబుతుంది: -90 దగ్గరుంటే మంచిది, -110 దాటితే బలహీనం. SINR ఆ సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెబుతుంది: 13 దాటితే బాగున్నట్టు, సున్నా దగ్గరైతే నెట్ నత్తనడకే. సంతలో ఎదుటివాడు గట్టిగానే అరిచినా చుట్టూ గోల ఉంటే మాట అర్థం కాదు కదా, ఇదీ అంతే.

ఉదాహరణకు ఒక స్లాబు ఇంట్లో హాలు మధ్య RSRP -112, SINR 2 ఉన్నాయనుకుందాం. పడమటి కిటికీలో -93, 3 వచ్చాయి. తూర్పు కిటికీలో -98, 12. గీతలు పడమటే ఎక్కువ. కానీ అటువైపు రెండు టవర్ల సిగ్నళ్లు ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయి. కాబట్టి తూర్పు కిటికీయే మేలు. ప్రతి చోటా రూటర్‌ను రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడే అంకెలు రాసుకోండి. రేకు తలుపులు, లోహపు పూత ఉన్న అద్దాలు సిగ్నల్‌ను ఆపేస్తాయి.

అప్పటికీ చాలకపోతే బయటి యాంటెన్నా. కొనేముందు రూటర్ వెనక చూడండి. కొన్నిటికి పైకి కనిపించే కొమ్ములు వైఫైవే, వాటిని మార్చినా టవర్ సిగ్నల్ పెరగదు. సిమ్ సిగ్నల్ కోసం రెండు సాకెట్లుంటే రెండిటికీ యాంటెన్నా ఉండాలి. ఒకే దిక్కుకు గురిపెట్టే రకమైతే టవర్ వైపు కొద్దికొద్దిగా తిప్పుతూ SINR ఎక్కడ ఎక్కువో అక్కడ బిగించాలి.

మేడ మీద యాంటెన్నా పెట్టి కిందికి పొడవాటి కేబుల్ లాగితే మాత్రం శ్రమ వృథా. పది మీటర్ల సన్నటి యాంటెన్నా కేబుల్‌లో సిగ్నల్ దాదాపు పదో వంతుకు పడిపోతుంది. రూటర్‌నే ఎండా వానా తగలని చోట యాంటెన్నా దగ్గర పెట్టి, కిందికి లాన్ కేబుల్ వేయండి. అది వంద మీటర్ల వరకు పనిచేస్తుంది.

అంకెలు బాగున్నా రాత్రిపూట మాత్రమే నెట్ నెమ్మదిస్తే టవర్ మీద జనం ఎక్కువైనట్టు. అప్పుడు యాంటెన్నాకు డబ్బు పోయకండి, వేరే కంపెనీ సిమ్ వేసి చూడండి.