టచ్‌లైన్ జెండా ఏం చెబుతోంది?

ఫుట్‌బాల్ రెఫరీ బంతి వెంట పరిగెత్తుతున్నట్టే కనిపిస్తాడు. కానీ అతను తిరిగేది మైదానంలో ఒక మూల నుంచి ఎదురు మూలకు వాలుగా ఉండే ఊహారేఖ మీద. ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చిన ఘనత ఇంగ్లండ్ రెఫరీ స్టాన్లీ రౌస్‌కు ఇస్తారు. 1934 ఎఫ్.ఏ. కప్ ఫైనల్ ఆడించినవాడు, 1961లో ఫిఫా అధ్యక్షుడైనవాడు ఆయనే. టచ్‌లైన్ల మీద అసిస్టెంట్ రెఫరీలు, అంటే మనం లైన్స్‌మన్ అనేవాళ్లు, చెరో సగం చూసుకుంటారు. వాళ్లకు దూరమైన మూలల వైపు రెఫరీ వెళ్తాడు. దాంతో ఆట సాధారణంగా రెఫరీకీ, ఒక అసిస్టెంట్‌కూ మధ్య నడుస్తుంది, రెఫరీ తల ఎత్తితే జెండా ఎదురుగానే ఉంటుంది.

ఫౌల్ చూసిన ప్రతిసారీ అసిస్టెంట్ జెండా ఎత్తడు. తనకు దగ్గర్లో జరిగిందా, రెఫరీకి ఎవరైనా అడ్డొచ్చారా, ఒకవేళ రెఫరీ చూసినా ఆటను సాగనిచ్చేవాడేనా అన్నది ముందు తేల్చుకోవాలి. అప్పుడు పరుగు ఆపి, మైదానం వైపు తిరిగి, జెండా పైకెత్తి, రెఫరీతో చూపు కలిశాక చిన్నగా ఊపుతాడు. ఇక్కడే ప్రేక్షకులు పట్టించుకోని సంగతి ఒకటుంది. ఫ్రీ కిక్ దక్కే జట్టు అతని కుడివైపుకు ఆడుతుంటే జెండా ముందే కుడిచేతిలో లేస్తుంది, ఎడమవైపుకైతే ఎడమచేతిలో. తప్పు ఎవరిదో ఈల మోగకముందే రెఫరీకి తెలిసిపోతుంది. చెయ్యి మార్చాల్సి వస్తే జెండాను నడుము కిందికి దించి మార్చుకోవాలి. తల మీద మార్చితే అదే ఇంకో సంకేతంలా కనిపిస్తుంది.

ఆఫ్‌సైడ్‌కు జెండా నిటారుగా లేస్తుంది. ఈల పడ్డాక దాన్ని ఏటవాలుగా పైకి చూపితే తప్పు అవతలి వైపున, అడ్డంగా చాపితే మధ్యలో, కిందికి వంచితే తన దగ్గర్లో జరిగిందని అర్థం. జెండా ఎత్తినా రెఫరీ చూడకపోతే? అతను గమనించేదాకా, లేదా బంతి డిఫెన్స్ జట్టు చేతికి స్పష్టంగా వచ్చేదాకా అలాగే పట్టుకుని నిలబడాలి.

అసలు తప్పులు పుట్టేది నిలబడే చోటులోనే. గోల్‌లైన్ నుంచి లెక్కిస్తే రెండో డిఫెండర్‌కు సరిగ్గా సమానంగా అసిస్టెంట్ ఉండాలి. గోల్‌లైన్‌కు దగ్గరున్నవాడు సాధారణంగా గోల్‌కీపరే. బంతి ఆ రెండో డిఫెండర్‌ను దాటిపోతే బంతితో సమానంగా వెళ్లాలి. అసిస్టెంట్ అడుగు ముందుకు, గోల్ వైపుకు జరిగిపోయాడనుకోండి. డిఫెండర్‌కు అవతల, అదే వరుసలో ఉన్న ఫార్వర్డ్ అతని కంటికి ముందున్నట్టు కనిపిస్తాడు, లేని ఆఫ్‌సైడ్‌కు జెండా లేస్తుంది. డిఫెండర్‌కు ఇవతల నిజంగానే కాస్త ముందున్నవాడు సమానంగా కనిపించి తప్పించుకుంటాడు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2000లో నేచర్ పత్రికలో చూపించింది ఇదే. కళ్లు బాగానే ఉన్నాయి, కాళ్లే తప్పు చోట ఉన్నాయన్నమాట. టీవీ ముందు కూర్చుని అసిస్టెంట్‌ను గుడ్డివాడని తిట్టేవాళ్లు కాస్త ఆలోచించాలి.

వీడియో రెఫరీ వచ్చాక ఇంకో అలవాటు మొదలైంది. గోల్ అయ్యే అవకాశం ఉండి, ఆఫ్‌సైడ్ అంతంతమాత్రంగా ఉంటే దాడి ముగిసేదాకా జెండా ఆపుతారు. అందువల్ల లెక్కలోకి రాని పరుగులు కూడా ఆటగాళ్లు పెడుతున్నారు. 2025 మేలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఫార్వర్డ్ తైవో అవోనియీ అలాంటి దాడిలో గోల్‌పోస్టును ఢీకొని కడుపుకు శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. స్పష్టమైన ఆఫ్‌సైడ్‌కు కూడా ఆలస్యం చేయడం నాకైతే సమర్థనీయంగా అనిపించదు.

గోల్ పడితే జెండా లేవదు. రెఫరీతో చూపు కలిశాక అసిస్టెంట్ టచ్‌లైన్ వెంట మధ్యగీత వైపు 25-30 మీటర్లు చకచకా పరిగెత్తుతాడు, అదే ‘ఔను’. గోల్‌కీపర్ లోపలి నుంచి లాగేసిన బంతి పూర్తిగా గీత దాటి, ఆట ఇంకా సాగుతుంటే మాత్రం ముందు జెండా ఎత్తి రెఫరీ దృష్టిని ఆకర్షించి, ఆ తర్వాత ఆ పరుగు తీస్తాడు. పెనాల్టీ ఏరియాలో రెఫరీ చూడని ఫౌల్ అయితే దిశ తిరగబడుతుంది. జెండా ఎత్తాక కార్నర్ జెండా వైపు నడుస్తాడు.

ఆట ఆగిన వేళ కూడా పని ఆగదు. టచ్‌లైన్ దగ్గరి ఫ్రీ కిక్‌కు గోడ కట్టినవాళ్లను 9.15 మీటర్ల దూరానికి నెట్టడానికి అసిస్టెంట్ మైదానంలోకి రావచ్చు. అతను బయటికి వెళ్లి తన చోటు సరిచూసుకునేదాకా రెఫరీ ఆగాలి. పెనాల్టీ కిక్‌కు అతను గోల్‌లైన్, పెనాల్టీ ఏరియా గీత కలిసే చోట నిలబడతాడు. వీడియో రెఫరీ ఉన్న మ్యాచ్‌లోనైతే అతను పెనాల్టీ చుక్కకు సమానంగా ఆఫ్‌సైడ్ రేఖ మీద ఉంటాడు.

హెడ్‌సెట్లు, బీప్ జెండాలు వచ్చాయి. జెండా పిడిలో ఉన్న బటన్ నొక్కితే రెఫరీ చేతికి కట్టిన పరికరం కంపిస్తుంది. అయితే అది అదనపు సాయం మాత్రమే, జెండా ఎత్తడం మానడానికి సాకు కాదు.