విజిట్లు పెరిగాయి సరే, ఆర్డర్లో?

మార్కెటింగ్ విభాగంలో ఇంటర్న్‌గా చేరినవాళ్లకు తొలి రోజుల్లోనే అప్పజెప్పే పని ఒకటుంది. "మన వెబ్‌సైట్ ట్రాఫిక్ రిపోర్టు చూసి, పనికొచ్చే విషయాలు మూడు చెప్పు" అంటారు మేనేజర్. రిపోర్టు తెరిస్తే గ్రాఫులకు కొదవుండదు. వాటిలో పదింటిని స్క్రీన్‌షాట్లు తీసి, స్లైడ్లలో అతికించి, కింద "విజిట్లు పెరిగాయి", "మొబైల్ వాడేవాళ్లు ఎక్కువ" అని రాసి పంపేవాళ్లే ఎక్కువ. అవన్నీ నిజాలే, కానీ వాటితో మేనేజర్‌కు చేయడానికి ఏ పనీ దొరకదు. దేనిమీద డబ్బు తగ్గించాలి, దేనిమీద పెంచాలి, ఏది బాగుచేయించాలి అన్న ప్రశ్నల్లో ఒక్కదానికైనా జవాబిస్తేనే అది పనికొచ్చే విషయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో పచ్చళ్లు చేసి, సొంత వెబ్‌సైట్ ద్వారా అమ్మే దుకాణం ఒకటుందనుకోండి. దుకాణం, దాని అంకెలు నేను ఊహించి వేసినవే అయినా, ఇలాంటి చిక్కులు నిజం రిపోర్టుల్లో తరచూ కనిపిస్తాయి. చాలామంది వాడే గూగుల్ అనలిటిక్స్ 4 లోనే చూద్దాం. ఏప్రిల్‌లో సైటుకు 12,600 సెషన్లు, మేలో 18,400. అంటే 46 శాతం పెరుగుదల. ఆర్డర్లు మాత్రం 252 నుంచి 258కి వచ్చాయి, అంతే.

లోపలికి వెళ్లేముందు సరిచూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సెషన్ అంటే మనిషి కాదు, ఒక రాక. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూసిన మనిషి రెండు సెషన్లుగా లెక్కకొస్తాడు. అరగంటపాటు ఏ కదలికా లేకపోతే ఆ సెషన్ ముగిసినట్టే. నిన్నటి, మొన్నటి అంకెలు పూర్తిగా లెక్కతేలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టి వాటిని నమ్ముకుని ఏమీ రాయకూడదు. ఆఫీసులో మనవాళ్లు రోజంతా సైటు తెరిచే సెషన్లను విడిగా తీసేశారో లేదో అడగాలి. అన్నిటికన్నా ముఖ్యం, రిపోర్టు చూపే 258 ఆర్డర్లను దుకాణం సొంత ఆర్డర్ల పుస్తకంతో పోల్చాలి. బ్రౌజర్లో ట్రాకింగ్‌ను అడ్డుకునేవాళ్లు ఉంటారు గనుక కొద్దిపాటి తేడా మామూలే. పుస్తకంలో 270 ఉంటే భయం లేదు. 400 ఉంటే మాత్రం ఆగాలి, ముందు ట్రాకింగ్ బాగుచేయించాలి. ఆవకాయ సీజన్ కాబట్టి ఏప్రిల్‌తో పాటు నిరుటి మే నెలతోనూ పోల్చడం మంచిది. లేదంటే మామిడికాయలు తెచ్చిన పెరుగుదలను ప్రకటనల ఖాతాలో వేసేస్తాం.

ఇప్పుడు ఆ 46 శాతాన్ని విప్పుదాం. Reports, అందులో Acquisition, అందులో Traffic acquisition తెరిస్తే సెషన్లు ఏ దారిన వచ్చాయో విడివిడిగా కనిపిస్తుంది. పెరిగిన 5,800 సెషన్లలో 5,400 ఒక్క దారినే వచ్చాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో డబ్బు కట్టి నడిపిన రీల్ ప్రకటన అది. ఏప్రిల్‌లో 1,500 ఉన్నది మేలో 6,900 అయింది. మిగతా దారులన్నీ కలిపి దాదాపు కదల్లేదు. ఆ 6,900 సెషన్ల నుంచి వచ్చిన ఆర్డర్లు ఏడు.

దీని పక్కనే ఎంగేజ్‌మెంట్ రేటు అన్న వరుస ఉంటుంది. ఒక సెషన్ పది సెకన్లకు మించి సాగినా, అందులో రెండు పేజీలు చూసినా, మనం ముఖ్యమని గుర్తుపెట్టిన పని (ఇక్కడ కొనుగోలు) జరిగినా ఆ సెషన్ లెక్కలోకి వస్తుంది. పది సెకన్లంటే పెద్ద పరీక్షేమీ కాదు. రీల్ నుంచి వచ్చిన సెషన్లలో ఆ పరీక్ష దాటినవి 18 శాతమే. ఇక్కడే ఇంటర్న్ తొందరపడి "ఇన్‌స్టాగ్రామ్ దండగ" అని రాసేస్తే పప్పులో కాలేసినట్టే. ఆ సెషన్లు మొదట ఏ పేజీలో దిగాయో Landing page రిపోర్టులో చూడాలి. అన్నీ హోమ్ పేజీలో దిగాయి. రీల్‌లో చూపించింది గోంగూర పచ్చడి. హోమ్ పేజీలో గోంగూర కనబడాలంటే చాలా కిందికి జరపాలి. కాబట్టి తప్పు ప్రకటనదో, అది దింపిన పేజీదో రిపోర్టు ఒక్కటే తేల్చలేదు. మేనేజర్‌కు చెప్పాల్సింది ఇంతే: మే నెల పెరుగుదల దాదాపు అంతా రీల్‌దే, దానివల్ల అమ్మకాలు పెరగలేదు, బడ్జెట్ పెంచకుండా రెండు వారాలు లింకును నేరుగా గోంగూర పేజీకి మార్చి చూద్దాం. అది మొదటి విషయం.

రెండోది చాలామంది దాటేసే చోట ఉంది. దారుల జాబితాలో "డైరెక్ట్" అని ఒకటి ఉంటుంది. అడ్రసు గుర్తుపెట్టుకుని టైపు చేసి వచ్చినవాళ్లు అని దానికి అర్థం చెబుతుంటారు. నిజానికి ఎక్కడినుంచి వచ్చారో అనలిటిక్స్‌కు తెలియని రాకలన్నీ అందులోనే పడతాయి. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కినా, పీడీఎఫ్‌లో ఉన్న లింకు నొక్కినా సాధారణంగా అక్కడికే చేరతారు. మన దుకాణానికి మేలో డైరెక్ట్ సెషన్లు 2,900, వాటి ఆర్డర్లు 94. అంటే నూటికి మూడు పైన. మిగతా సైటు మొత్తానికి అది నూటికి ఒకటి చుట్టూ ఉంది.

వీళ్లెవరో తేల్చడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. డైరెక్ట్ సెషన్లను మాత్రమే ఉంచి, అవి దిగిన పేజీలు చూడాలి. 2,100 సెషన్లు హోమ్ పేజీలో కాక `/products/avakaya-1kg` లాంటి పేజీల్లో దిగాయి. అంత పొడుగు అడ్రసు ఎవరూ చేత్తో టైపు చేయరు. లింకు ఎక్కడో దొరికి ఉండాలి. ఇక రోజువారీ గ్రాఫులో ఆ సెషన్లు ఎగసిన రోజులను, అమ్మకాల విభాగం పాత కస్టమర్లకు వాట్సాప్ సందేశాలు పంపిన రోజులతో పక్కపక్కన పెట్టి చూస్తే, రెండూ కలిశాయి. ఇది బలమైన అనుమానమే గానీ రుజువు కాదు. రుజువు కావాలంటే వచ్చే సందేశంలో పంపే లింకుకు గుర్తు తగిలించాలి:

```
https://example.com/products/avakaya-1kg?utm_source=whatsapp&utm_medium=message&utm_campaign=june_avakaya
```

ఇలా పంపితే ఆ రాకలు డైరెక్ట్‌లో కలిసిపోకుండా whatsapp పేరుతో విడిగా కనిపిస్తాయి. ఒకరు whatsapp అని, ఇంకొకరు WhatsApp అని రాస్తే రెండు వేర్వేరు వరుసలుగా విడిపోతాయి కాబట్టి అన్నీ చిన్న అక్షరాల్లోనే రాయాలని అందరికీ ముందే చెప్పాలి. పైగా దారుల పట్టికలో ఇది whatsapp పేరుతో కాక వేరే దారి పేరు కింద కనిపించవచ్చు. కంగారు పడనక్కర్లేదు, Session source / medium ప్రకారం చూస్తే దొరుకుతుంది. పాత కస్టమర్లు కొత్తవాళ్లకన్నా ఎక్కువ కొనడం సహజం కనుక, మూడు శాతం చూసి వాట్సాప్‌ను ప్రకటనతో సరిసమానంగా పోల్చకూడదన్న మాట కూడా నోట్‌లో రాయాలి.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే దాని జవాబు రిపోర్టు బయట దొరుకుతుంది. Explore విభాగంలో ఫనెల్ అనే పట్టిక తయారుచేసుకోవచ్చు. బుట్టలో వేసినవాళ్లు ఎందరు, చెక్‌అవుట్ మొదలుపెట్టినవాళ్లు ఎందరు, చెల్లింపు పేజీ చేరినవాళ్లు ఎందరు, కొన్నవాళ్లు ఎందరు అని మెట్టు మెట్టుగా చూపిస్తుంది. ఈ విభాగం మామూలుగా రెండు నెలల వెనక్కే చూడనిస్తుంది. సెట్టింగుల్లో దాన్ని 14 నెలలకు పెంచమని చేరిన రోజే అడగాలి.

ఫనెల్‌ను దేశాలవారీగా విడదీస్తే, భారత్‌లో చెక్‌అవుట్ మొదలుపెట్టిన 620 మందిలో 255 మంది కొన్నారు. అమెరికాలో 64 మంది మొదలుపెడితే కొన్నది ముగ్గురు. అమెరికాలో ఆరుగురు మొదలుపెట్టి ఎవరూ కొనకపోయి ఉంటే నేను పట్టించుకోను, అంత చిన్న అంకెల్లో ఏమైనా జరగొచ్చు. 64లో మూడు అంటే మాత్రం కారణం ఉండితీరాలి. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న దేశం, ఆవకాయ సీజను, పైగా చెక్‌అవుట్ దాకా వచ్చిన మనుషులు. "రవాణా ఖర్చు చూసి జంకి ఉంటారు" అని ఎవరైనా అనుకుంటారు. ఆ మాట రాసేముందు మధ్య మెట్టు చూడాలి. 64 మందిలో చెల్లింపు పేజీ చేరింది నలుగురే. ఈ సైటులో రవాణా ఖర్చు కనిపించేది చెల్లింపు పేజీలోనే. మిగతా అరవై మంది అంతకుముందే, అడ్రసు నింపే పేజీలోనే ఆగిపోయారు.

ఇక అనలిటిక్స్ మూసేసి, ఫోన్ తీసి, అమెరికాలో ఉన్న బంధువుల అడ్రసుతో ఒక ఆర్డరు పెట్టబోవాలి. పేరు, వీధి, ఊరు అన్నీ ఎక్కాయి. పిన్‌కోడ్ గడి దగ్గర ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆ గడి ఆరంకెలు ఉంటేనే ఒప్పుకుంటుంది. అమెరికా జిప్ కోడ్‌కు అయిదంకెలే. దేశాల జాబితాలో అమెరికా పేరుంది, ఆ దేశపు అడ్రసు మాత్రం ఎక్కదు. మరి ఆ ముగ్గురు ఎలా కొన్నారు? ఆర్డర్ల పుస్తకం తీస్తే తెలిసింది. ముగ్గురూ అక్కడ కూర్చుని ఇక్కడున్న అమ్మానాన్నల ఇళ్లకు పచ్చళ్లు పంపించారు.

ఇది మేనేజర్‌కు ఎలా రాయాలో చూడండి: "మేడమ్, మేలో అమెరికా నుంచి 64 మంది చెక్‌అవుట్ మొదలుపెట్టారు, ముగ్గురే కొన్నారు, ఆ మూడూ ఇండియా అడ్రసులకే. అడ్రసు పేజీలో పిన్‌కోడ్ గడి అయిదంకెల జిప్ కోడ్‌ను తీసుకోవడం లేదు, నేను ప్రయత్నించి చూశాను, స్క్రీన్‌షాట్ జతచేశాను. దేశాన్ని బట్టి గడి మారేలా డెవలపర్ చేత సరిచేయిస్తే బాగుంటుంది. సరిచేశాక కూడా రవాణా ఖర్చు దగ్గర కొందరు ఆగిపోవచ్చు, కాబట్టి ఎన్ని ఆర్డర్లు పెరుగుతాయో ఇప్పుడే చెప్పలేను." ఆ చివరి వాక్యం తీసేయాలనిపిస్తుంది, తీసేయకూడదు. భారత్ లెక్కన అమెరికాలో 26 ఆర్డర్లు రావాలి, 23 పోగొట్టుకున్నాం అని రాస్తే వినడానికి బాగుంటుంది గానీ, రెండు దేశాల రవాణా ఖర్చులు ఒకటి కానప్పుడు ఆ లెక్క నిలవదు.

మిగతా రెండు విషయాలనూ ఇదే పద్ధతిలో, నాలుగేసి వాక్యాల్లో రాస్తే మొత్తం ఒక పేజీకి మించదు. అయితే మూడింటినీ ఒకే వారంలో అమలు చేయకుండా చూడాలి. రీల్ లింకు, పిన్‌కోడ్ గడి ఒకే రోజు మారితే జూన్‌లో ఆర్డర్లు పెరిగినప్పుడు ఏది పనిచేసిందో విడదీయడం కష్టమవుతుంది. పిన్‌కోడ్ ముందు సరిచేయించి, ఆ తేదీని ఒక షీట్‌లో రాసిపెట్టుకుని, రెండు వారాలయ్యాక అదే ఫనెల్‌ను అదే దేశానికి మళ్లీ తెరవాలి. అప్పుడు చూడాల్సింది ఆర్డర్ల సంఖ్యను కాదు, అడ్రసు పేజీ దాటి చెల్లింపు పేజీకి ఎందరు చేరారన్నది. అక్కడికి చేరి కూడా కొనకుండా వెళ్లిపోతుంటే, రవాణా ఖర్చు గురించి మాట్లాడాల్సిన సమయం అది.