సత్తు గ్లాసులో లెక్కలు

ఏరా, జిమ్ములో సత్తు తాగమన్నారా? అందులో మాక్రోలెన్నో లెక్క కట్టుకు రమ్మన్నారా? అయితే అలా కూర్చుని ఓ కాగితం తీసుకో. మాక్రోలంటే మన ఒంటికి గ్రాముల లెక్కన కావలసిన మూడు పోషకాలు. మాంసకృత్తులు, అంటే మీరనే ప్రొటీన్, ఆ తర్వాత పిండిపదార్థాలు, కొవ్వు. ఇనుము, విటమిన్ల వంటివి మిల్లీగ్రాముల్లో సరిపోతాయి కనుక వాటిని ఇందులో కలపరు.

సత్తు బీహారు, జార్ఖండ్, తూర్పు ఉత్తరప్రదేశ్ వాళ్ల తిండి. ఎండాకాలం పట్నా వీధుల్లో తోపుడుబండి మీద పిండి కుప్ప పోసుకుని, అడిగినవాళ్లకు అప్పటికప్పుడు కలిపి ఇస్తారు. ఏప్రిల్ నడుమ మేష సంక్రాంతికి అక్కడ సతువాన్ అని పండగ చేసుకుని సత్తూ పచ్చిమామిడీ తింటారు. మన దగ్గర మేడలు కట్టడానికి వచ్చిన బీహారీ కూలీలు కూడా దీన్ని వెంట తెచ్చుకుంటారు. సరుకు మాత్రం మనకేం కొత్త కాదు. మీ నానమ్మ చట్నీలో వేసే పుట్నాల పప్పును మెత్తగా పొడి కొట్టి జల్లిస్తే వచ్చేది దాదాపు సత్తే. అక్కడ కొందరు కొంత పొట్టు ఉంచి ఆడిస్తారు, అప్పుడు పీచు కాస్త ఎక్కువ ఉంటుంది.

మరి శనగపిండినే నీళ్లలో కలుపుకుని తాగకూడదా అంటావేమో. కూడదు. పచ్చి శనగల్లో మన ప్రొటీన్ అరుగుదలకు అడ్డుపడే పదార్థాలుంటాయి. పేగుల్లో ప్రొటీన్‌ను ముక్కలు చేసే ట్రిప్సిన్ అనే ఎంజైమును అవి పట్టుకుని పని చేయనివ్వవు. శనగలకు కాస్త తడి పట్టించి, కాగిన ఇసుకలో వేసి వేయించినప్పుడు ఆ వేడికి వాటి శక్తి చాలావరకు పోతుంది. లోపలి తడి ఆవిరై గింజను గుల్లబరుస్తుంది, పొట్టు విడిపోతుంది, పిండిపదార్థం కూడా కొంత ఉడికినట్టవుతుంది. ఆ వేపుడు వల్లే పొయ్యి వెలిగించకుండా, నీళ్లు పోసి తాగగలుగుతున్నాం. కలిపాక పచ్చి శనగపిండి వాసన వచ్చిందంటే అది సరిగ్గా వేగలేదనో, శనగపిండి కలిపారనో అర్థం. దాన్ని పకోడీలకు వాడుకో, తాగకు.

ఇక లెక్క. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో పొట్టు తీసిన వేపుడు శనగలు 100 గ్రాములకు ప్రొటీన్ 22.5 గ్రాములు, పిండిపదార్థాలు 58, కొవ్వు 5.2 అని ఉంటుంది. ప్రొటీన్‌కీ పిండిపదార్థానికీ గ్రాముకు 4 కేలరీలు, కొవ్వుకు 9. గుణించి కూడితే 369 వస్తుంది. అయితే ఆ 58 గ్రాముల్లో మనకు అరగని పీచు కూడా కలిసి ఉంది కాబట్టి, నిజంగా ఒంటికి పట్టే శక్తి దానికన్నా కొంచెం తక్కువే.

నువ్వు తాగేది మాత్రం 100 గ్రాములు కాదుగా! తలకొట్టిన పెద్ద చెంచాలు మూడు వేస్తే 30 గ్రాములకు అటూ ఇటూగా వస్తుంది. వంటింట్లో తూకం ఉంటే ఒకసారి తూచి చూసుకో, చెంచాను గోపురంలా నింపేవాళ్ల లెక్క సగానికి సగం తప్పుతుంది. ఆ 30 గ్రాముల్లో ప్రొటీన్ దాదాపు 7 గ్రాములు, పిండిపదార్థాలు 17, కొవ్వు గ్రామున్నర, కేలరీలు 110. ఓ పెద్ద గ్లాసు నీళ్లు పోశావు, లెక్క మారదు. ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేశావు, పెద్దగా మారదు. అరచెక్క నిమ్మరసం పిండావు, దాని కేలరీలు నాలుగో అయిదో. ఇది పట్నా బండివాడి ఉప్పు సత్తు.

నిమ్మరసం రుచికే అనుకోకు. శనగల్లో ఇనుము ఉంది కానీ, ఫైటేట్ అనే పదార్థం దాన్ని పట్టుకుని వదలదు. నిమ్మలోని విటమిన్ సి ఆ ఇనుమును పేగు పీల్చుకోగలిగే రూపంలోకి మార్చి, కరిగి ఉండేలా చూస్తుంది. ఈ పని జరగాలంటే రెండూ ఒకేసారి కడుపులో ఉండాలి. పొద్దున సత్తు, సాయంత్రం నిమ్మరసం అంటే లాభం లేదు. సత్తు తాగిన వెంటనే టీ తాగితే అందులోని టానిన్లు మళ్లీ ఆ ఇనుమును పట్టేస్తాయి, ఓ గంట ఆగు.

ఇప్పుడు అదే గ్లాసులో ఉప్పు, ఉల్లి మానేసి 20 గ్రాముల బెల్లం కరిగించామనుకో. బెల్లం దాదాపు అంతా చక్కెరే. 19 గ్రాముల పిండిపదార్థం, 77 కేలరీలు వచ్చి చేరతాయి. గ్లాసు మొత్తం 187 అయింది, ప్రొటీన్ మాత్రం ఆ 7 గ్రాముల దగ్గరే ఉంది. ఉప్పు సత్తులో కేలరీల్లో పావు వంతు ప్రొటీన్‌వి, బెల్లం సత్తులో ఏడో వంతే. బెల్లంలో ఇనుముంది కదా అని మీ నానమ్మ అంటుంది. నిజమే, కానీ ఈ గ్లాసులో ఎక్కువ ఇనుము సత్తుదే. ఎండలో తట్టలు మోసే మనిషికి బెల్లం సత్తు చక్కగా సరిపోతుంది, ఆ చక్కెర అతనికి పనిలో ఖర్చయిపోతుంది. నాలాంటి షుగరు మనిషికి ఉప్పుదే మేలు.

నీ జిమ్ము డబ్బాలోని ప్రొటీన్ పొడి ఒక కొలతకు సుమారు 25 గ్రాముల ప్రొటీన్ ఇస్తుంది. అంత సత్తులోంచి రావాలంటే 110 గ్రాముల పిండి కలపాలి. దాంతోపాటు 64 గ్రాముల పిండిపదార్థం, 400 దాటిన కేలరీలు లోపలికి పోతాయి. అది పానీయం కాదు, గట్టి జావ, ఒక పూట భోజనం! సత్తును ప్రొటీన్ పొడి అని అమ్మేవాళ్ల మాటలో ఈ సంగతి ఉండదు. పైగా శనగ ప్రొటీన్‌లో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, లైసిన్ బాగా ఉంటుంది. గోధుమ, బియ్యాల్లో దీనికి తలకిందులు. బీహారువాళ్లు గోధుమపిండి ముద్దలో సత్తు కూరి నిప్పుల మీద కాల్చే లిట్టీలో రెండు లోట్లూ తీరిపోతాయి. నువ్వు సత్తుతోపాటు రోజూ అన్నమో చపాతీయో తింటావు కదా, నీకూ అంతే. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి, అందులో ఏడో వంతు ఈ గ్లాసు ఇస్తుంది.

కలపడంలో ఒక కిటుకుంది. గ్లాసు నిండా నీళ్లు పోసి పైన పిండి చల్లావంటే ఉండలు కడుతుంది. పైపొర తడిసి జిగటగా ఉబ్బి, లోపలికి నీరు పోనివ్వదు, ఉండ చిదిపితే నడుమ పొడిపిండి కనిపిస్తుంది. ముందు పిండిలో కొద్దిగా నీళ్లు పోసి దోసెపిండిలా జారుగా చేసుకో, తర్వాత మిగతా నీళ్లు. బెల్లమైతే ఆ నీళ్లలోనే ముందు కరిగించి వడగట్టు, నలకలు పోతాయి. కొత్తలో గ్యాసు పట్టవచ్చు. శనగల్లోని రాఫినోజ్ జాతి చక్కెరలు మనకు అరగవు, పెద్దపేగులో సూక్ష్మజీవులు వాటిని పులియబెడతాయి, వేపుడుతో అవి పూర్తిగా పోవు. అందుకని వారం రోజులు ఒక చెంచాతోనే మొదలుపెట్టు.

ఇంకో మాట. సత్తు నీళ్లలో కరగదు, తేలుతూ ఉండి కాసేపటికి అడుగున చేరుతుంది. ఫోను చూసుకుంటూ మెల్లగా తాగి అడుగున మడ్డి వదిలేశావంటే నీ కాగితం మీద రాసుకున్న 7 గ్రాముల్లో కొంత ఆ మడ్డిలోనే ఉండిపోతుంది. బెల్లం మాత్రం నీళ్లలో కరిగి నీ కడుపులోకి పోయి ఉంటుంది. మధ్యమధ్య చెంచాతో తిప్పుతూ తాగు, చివర్లో కాసిని నీళ్లు పోసి గ్లాసు కడిగి ఆ నీళ్లు కూడా తాగెయ్.