ఆ పాతిక మిల్లీజూళ్ల లెక్క

ఎన్‌సీఈఆర్టీ పన్నెండో తరగతి భౌతికశాస్త్రం పుస్తకంలో ఒక చిన్న లెక్క ఉంది. 900 పికోఫారడ్ల కెపాసిటర్‌ను 100 వోల్టుల బ్యాటరీతో చార్జి చేస్తారు. తర్వాత బ్యాటరీ తీసేసి, అంతే సైజున్న ఖాళీ కెపాసిటర్‌ను దానికి కలుపుతారు. మొదట ఉన్న శక్తి 4.5 మైక్రోజూళ్లు, కలిపాక మిగిలింది 2.25. సరిగ్గా సగం పోయింది. వేడిగా, విద్యుదయస్కాంత వికిరణంగా పోయిందని చెప్పి పుస్తకం ముందుకు వెళ్లిపోతుంది. బెంచీ మీద కూర్చున్న కుర్రాడికి మాత్రం అనుమానం అక్కడే మొదలవుతుంది. వేడి పుట్టేది తీగ నిరోధంలోనే అయితే, లావుపాటి తీగ వేసి నిరోధం తగ్గిస్తే నష్టం కూడా తగ్గాలి కదా?

తగ్గదు. ఈ చిక్కుముడిలో అసలు మజా అదే.

బల్ల మీద పెట్టి చూడదగిన సైజులో లెక్క వేసుకుందాం. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే 1000 మైక్రోఫారడ్లు, 25 వోల్టుల కెపాసిటర్లు రెండు తీసుకోవాలి. ఒకదాన్ని 10 వోల్టులకు చార్జి చేస్తే అందులో 10 మిల్లీకూలుంబుల చార్జి చేరుతుంది. శక్తి ½CV² కాబట్టి 50 మిల్లీజూళ్లు. ఇప్పుడు ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ వచ్చేలా ఖాళీదాన్ని కలపాలి. తిరగేసి కలిపితే ఖాళీ కెపాసిటర్ మీద ఎదురు వోల్టేజి పడి అది పాడవుతుంది. ఉన్న చార్జి చెరి సగం పంచుకుని రెండూ 5 వోల్టుల దగ్గర నిలుస్తాయి. మల్టీమీటరు 4.7 అనో 5.2 అనో చూపిస్తే కంగారు పడక్కర్లేదు. ఈ రకం కెపాసిటర్ల అసలు విలువ, మీద రాసిన దానికంటే 20 శాతం వరకు అటూ ఇటూ ఉండొచ్చు. చార్జి ఎక్కడికీ పోలేదు, అదే 10 మిల్లీకూలుంబులు. శక్తి మాత్రం ఒక్కోదానిలో 12.5 చొప్పున మొత్తం 25 మిల్లీజూళ్లే. మిగతా 25 జమాఖర్చులో కనిపించవు.

వేలితో తాకి చూస్తే వేడి తెలుస్తుందా అంటే, తెలియదు. 25 మిల్లీజూళ్లతో ఒక గ్రాము నీళ్లు ఒక డిగ్రీలో నూరో వంతు కూడా వేడెక్కవు. నేరుగా తీగలు తగిలించినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ ఒక్కటే కంటికి కనిపించే సాక్ష్యం.

నష్టం ఎందుకు తప్పదో తెలియాలంటే దాటిన చార్జి వెంట నడవాలి. నిండు ట్యాంకును పక్కనున్న ఖాళీ ట్యాంకుకు అడుగున గొట్టంతో కలిపినట్టే ఇదీ. మొదటి చుక్క ఎత్తంతా పడుతుంది, చివరి చుక్క దాదాపు పడదు. ఇక్కడ మొదటి చార్జి 10 వోల్టుల తేడాను దిగుతుంది. రెండు వైపులా వోల్టేజి దగ్గరపడే కొద్దీ ఆ తేడా కరిగి సున్నా అవుతుంది. సగటున 5 వోల్టులు. దాటిన చార్జి 5 మిల్లీకూలుంబులు. రెండూ గుణిస్తే 25 మిల్లీజూళ్లు. ఈ గుణకారంలో నిరోధం ఊసే లేదన్నది గమనించాలి.

మరి నిరోధం చేసే పనేమిటి? మధ్యలో 1000 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే కరెంటు 10 మిల్లీ ఆంపియర్లతో మొదలై, రెండు మూడు సెకన్లలో దాదాపు ఆగిపోతుంది. రెసిస్టర్‌లో పుట్టిన వేడి 25 మిల్లీజూళ్లు. అదే 0.1 ఓమ్ అయితే కరెంటు 100 ఆంపియర్లకు ఎగిరి, సెకనులో వెయ్యో వంతు గడవకముందే పని ముగుస్తుంది. వేడి మళ్లీ 25 మిల్లీజూళ్లే. నిరోధం తగ్గితే కరెంటు పెరుగుతుంది, సమయం కుదించుకుపోతుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎంత పోవాలన్నది నిరోధం చేతిలో లేదు. ఎక్కడ, ఎంత వేగంగా పోవాలన్నదే దాని చేతిలో ఉంది.

పూర్తిగా సున్నా నిరోధం అంటే లెక్కే మొండికేస్తుంది. కలిపిన క్షణాన రెండు కొసల వోల్టేజి ఒకటే కావాలి, కానీ ఒకటి 10, ఇంకొకటి 0. కరెంటు అనంతం కావాలి. వదిలేసిన విషయమేదో ఉందని దీని అర్థం. ఆ వదిలేసింది ఇండక్టెన్స్. ఎంత పొట్టి తీగ చుట్టుకైనా కాస్త ఇండక్టెన్స్ ఉంటుంది, కరెంటు ఒక్కసారిగా పెరగకుండా అది అడ్డుకుంటుంది. అప్పుడు చార్జి 5 వోల్టుల దగ్గర ఆగకుండా అవతలికి దూకి, మళ్లీ వెనక్కొచ్చి, ఊగుతూనే ఉంటుంది. ఊగే కరెంటు ఉన్న చుట్టు ఒక చిన్న యాంటెన్నా. 2002లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో బాయ్‌కిన్, హైట్, సింగ్ ఈ లెక్క చేశారు. నిరోధం లేకపోయినా వికిరణంతోనే శక్తి పోయి చివరికి అదే స్థితికి చేరుతుందని చూపించారు. మన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో అంత దూరం వెళ్లదు. వాటి లోపలున్న నిరోధమే ఆ ఊపును ముందే చంపేస్తుంది.

ఇది కాగితం మీది ముచ్చట అనుకుంటే పొరపాటు. ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీకీ మోటారు ఇన్వర్టర్‌కూ మధ్య ఇదే గొడవ. ఇన్వర్టర్ ముందు 500 మైక్రోఫారడ్ల కెపాసిటర్, బ్యాటరీ 400 వోల్టులు అనుకుందాం. కెపాసిటర్‌లో చేరే శక్తి 40 జూళ్లు, బ్యాటరీ ఇచ్చేది 80. మిగతా 40 ఎక్కడో కరగాల్సిందే. మెయిన్ కాంటాక్టర్‌ను నేరుగా మూస్తే అందులో పెద్ద వాటా దాని పాయింట్ల దగ్గరే కరిగి, అవి ఒకదానికొకటి అతుక్కుపోయే ప్రమాదముంది. ఇక తెరుచుకోవు. అందుకే ముందు 100 ఓమ్‌ల ప్రీచార్జి రెసిస్టర్ గుండా పంపుతారు. కరెంటు 4 ఆంపియర్లకు మించదు, పావు సెకనులో పని అయిపోతుంది. నష్టం తగ్గలేదు, భరించగలిగిన చోటికి మారిందంతే. ఈలోపు కంట్రోలర్ కెపాసిటర్ వోల్టేజిని చూస్తూ ఉంటుంది. గడువులోపల బ్యాటరీ దరిదాపులకు రాకపోతే ఎక్కడో షార్టో, లీకేజీయో ఉందని లెక్కగట్టి మెయిన్ కాంటాక్టర్‌ను మూయదు.

నష్టాన్ని నిజంగా తగ్గించే దారులు రెండున్నాయి. మొదటిది, తేడా చిన్నదిగా ఉంచడం. నష్టం వోల్టేజి తేడా వర్గంతో పెరుగుతుంది. మన కెపాసిటర్లు 10, 0 కాకుండా 10, 9 వోల్టుల దగ్గర ఉండగా కలిపితే పోయేది పావు మిల్లీజూలు మాత్రమే, మొత్తం 90.5లో లెక్కలోకి రానంత. కెపాసిటర్లను స్విచ్‌లతో అటూ ఇటూ కలుపుతూ వోల్టేజి మార్చే సర్క్యూట్లు నడిచేది ఈ సూత్రం మీదే. ఒక్కో విడతలో తేడా పెరగకముందే మళ్లీ కలిపేస్తాయి.

రెండోది, దారిలో కావాలనే ఒక కాయిల్ పెట్టడం. 1 మిల్లీహెన్రీ కాయిల్ వేస్తే ఆ 25 మిల్లీజూళ్లు వేడిగా పోకుండా కాయిల్ అయస్కాంత క్షేత్రంలో దాక్కుంటాయి. రెండు కెపాసిటర్లూ 5 వోల్టుల దగ్గర సమానమైన క్షణాన కరెంటు 7 ఆంపియర్లు దాటి ఉంటుంది. అది ఆగదు, మొదటిదాన్ని ఖాళీ చేసి రెండోదాన్ని నింపేస్తుంది. ఆదర్శ లెక్కలో 2.2 మిల్లీసెకన్లకు రెండోది 10 వోల్టులకు చేరుతుంది. సరిగ్గా అప్పుడు దారి మూయకపోతే చార్జి వెనక్కి పరుగెడుతుంది కాబట్టి మధ్యలో డయోడ్ ఉండాలి. మామూలు సిలికాన్ డయోడ్ సుమారు 0.7 వోల్టులు మింగుతుంది. 10 మిల్లీకూలుంబులు దాటేసరికి అది దాదాపు 7 మిల్లీజూళ్లు. ఆ చిల్లరా మిగలాలంటే డయోడ్ స్థానంలో మాస్‌ఫెట్ పెట్టి, కరెంటు సున్నా అయ్యే క్షణాన్ని పట్టుకుని దాన్ని ఆపాలి. క్షణం తప్పితే చార్జి వెనక్కి మళ్లడం మొదలవుతుంది.